అద్దె ఇల్లు రాత్రిపూట కూడా ఒకసారి చూడండి

మా విజయనగరంలో అద్దె ఇల్లు ఎప్పుడూ పగలే చూపిస్తారు, పగలు ఏ వీధైనా బాగానే ఉంటది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఆర్టీసీ బస్ కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కి, మెయిన్ రోడ్డు మీదే దిగిపోయి ఇంటిదాకా నడవండి, రేపు డ్యూటీ నుంచి లేటుగా వచ్చేది ఆ దారినే కదా. వరసగా రెండు మూడు స్తంభాల లైట్లు ఆరిపోయిన చోటు ఉందా చూడండి. ఖాళీ సైటు పక్కన కొత్త సీసాలు, డిస్పోజబుల్ గ్లాసులు ఉంటే అక్కడ మందు సిట్టింగ్ నడుస్తున్నట్టే, మట్టి పట్టిన పాతవైతే నేను అంత పట్టించుకోను.

"ఈ ఏరియా సేఫేనా" అని మాత్రం అడక్కండి, ఎవరైనా సేఫే అంటారు, ఓనరైతే మరీను. టిఫిన్ బండి ఆవిడని "అమ్మా, మీ పాపకి ట్యూషన్ లేటైతే ఒక్కర్తే వచ్చేస్తదా, ఎవరైనా ఎదురెళ్తారా?" అనండి. "సందు మొదటికి వాళ్ల నాన్న వెళ్తాడు" అంటే అది ఏ సందో కనుక్కుని ఆ ముక్క ఇంకోసారి నడిచి చూడండి.

పైడితల్లమ్మ పండగప్పుడు వెళ్తే ఏమీ తెలీదు, ఊరంతా మేలుకునే ఉంటది. వాన పడ్డ రాత్రి దానికి రివర్సు, మంచి వీధి కూడా ఖాళీగా కనిపిస్తది.