గల్ఫ్‌లో కొత్తగా కారు కొన్న తమ్ముళ్లకు: సర్వీసు పట్టికలో చివరి గడి గురించి

నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చి షార్జా, అజ్మాన్‌లలో సెకండ్ హ్యాండ్ కారు కొంటున్న తమ్ముళ్ల కోసం రాస్తున్నాను. లైసెన్సు, ఇన్సూరెన్సు, ముల్కియా సంగతి రూమ్‌లో ఎవరిని అడిగినా చెప్తారు. నేను సర్వీసు పట్టిక గురించే చెప్తాను. మొన్న జూలైలో అచ్చంపేట తమ్ముడి బండి నడిమధ్యాహ్నం ఆవిర్లు కక్కుతూ రోడ్డు పక్కన ఆగిపోయింది. లెక్క రాయక కాదు. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు, తర్వాతి సర్వీసు అని ఐదు గళ్లు గీసి, ఆయిల్ మార్చిన ప్రతిసారీ రాశాడు. చివరి గడిలో మాత్రం ఎప్పుడూ ఒకటే: ఇంకో 5,000 కి.మీ. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ మాటే ఆ పట్టికలో లేదు. బండి చల్లారాక చూస్తే కూలెంట్ ట్యాంకులో తుప్పు రంగు నీళ్లు. పాత ఓనరు తగ్గినప్పుడల్లా పంపు నీళ్లే పోసుకుంటూ వచ్చాడు.

తమ్ముడూ, తర్వాతి సర్వీసు అనేది బండి మొత్తానికి ఒకటే ఉండదు. ఒక్కో పనికి ఒక్కో గడువు. వర్క్‌షాపు వాళ్లు అద్దానికి అంటించే స్టిక్కర్ ఆయిల్ గడువే చెప్తుంది. కాబట్టి ఒకే రోజు మూడు పనులు చేయిస్తే మూడు వరుసలు రాయాలి:

| తేదీ | కి.మీ. | చేసిన పని | ఖర్చు (దిర్హాములు) | మళ్లీ ఎప్పుడు |
|---|---|---|---|---|
| 10-1-2025 | 84,200 | ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ | 120 | 89,200 లేదా 10-7-2025 |
| 10-1-2025 | 84,200 | ఎయిర్ ఫిల్టర్ | 40 | 94,200 దగ్గర చూడాలి |
| 10-1-2025 | 84,200 | బ్రేక్ ఫ్లూయిడ్ | 80 | 1,24,200 లేదా 10-1-2027 |

అంకెలు ఉదాహరణకే. మీ బండి గడువులు దాని మాన్యువల్‌లో ఉంటాయి. అందులో దుమ్ము, వేడి, ట్రాఫిక్ ఎక్కువున్న చోట్లకు వేరే షెడ్యూలు కూడా ఉంటుంది. ఇక్కడ మనకు వర్తించేది అదే. ఏసీ వేసుకుని గంటసేపు ట్రాఫిక్‌లో నిలబడితే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు.

చివరి గడిలో కిలోమీటర్లూ తేదీ రెండూ రాయమనేది ఎందుకో చూడండి. రోజూ షార్జా నుంచి దుబాయ్ పోయి రావడానికి 60 కి.మీ. అనుకుందాం. నెలకు 26 రోజులంటే 1,560. జనవరిలో మార్చిన ఆయిల్‌కు 5,000 కి.మీ. ఏప్రిల్ మధ్యలోనే అయిపోతాయి. జూలై తేదీ చూసుకుంటూ కూర్చుంటే పని చెడుతుంది. అదే నెలకు 300 కి.మీ. తిరిగేవాడికి ఆరు నెలల్లో 1,800 కూడా దాటవు. అతనికి తేదీయే ముందొస్తుంది. ఏది ముందొస్తే అది. ఆలస్యమై 90,050 దగ్గర మార్చారా, తర్వాతిది 95,050. పాత గడువు మీద కలిపి 94,200 అని రాయకండి. ఫోన్‌లో షీట్ పెట్టుకునేవాళ్లు A2లో తేదీ, B2లో కి.మీ. ఉంచి ఆయిల్ వరుసకు ఇలా రాసుకోవచ్చు:

```
=B2+5000
=TEXT(EDATE(A2,6),"d-m-yyyy")
```

కొన్నరోజే చేయాల్సింది ఇంకొకటుంది. కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, గేర్ ఆయిల్, బ్యాటరీ, టైర్లకు తలా ఒక వరుస రాయండి. పాత ఓనరు బిల్లు చూపిస్తే ఆ తేదీ వేయండి. "అన్నీ చేయించినా భాయ్" అని నోటిమాట చెప్తే "తెలియదు" అని రాయండి. తెలియదు అన్న ప్రతి వరుసకూ గడువు దాటిపోయిందనే లెక్క, ముందు దాన్ని చూపించండి. టైర్లకు మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. పక్కన DOT అని ఉన్నచోట చివరి నాలుగంకెలు 2321 అయితే అది 2021లో 23వ వారంలో తయారైన టైరు. కూలెంట్‌ను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు మొహానికి చిమ్ముతాయి, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

దేవరకొండలో మన బైకు చరిత్రంతా మెకానిక్‌కే గుర్తుండేది. ఇక్కడ షెడ్డులో ఇవాళ ఉన్న మనిషి ఆరు నెలల తర్వాత ఉండడు. నా మొదటి నెలల్లో ఒక షెడ్డులో వేసిన బ్రేక్ ప్యాడ్లనే ఇంకో షెడ్డు అరిగిపోయాయంటే, చూపించడానికి బిల్లు ఉంది కానీ అక్షరం కనబడలేదు. ఆ నిగనిగలాడే బిల్లు కాగితం వేడికే నల్లబడుతుంది, డ్యాష్‌బోర్డు మీద పెడితే ఎండాకాలం దాటదు. అదే రోజు ఫోటో తీసుకోండి, మీటరుది కూడా. ఖర్చు గడిలో సామానుకెంత, కూలికెంత అని విడివిడిగా రాస్తే రెండో షెడ్డులో అడగడానికి నోరుంటుంది.

ఇంత చెప్పానని టెన్షన్ పడకండి. అచ్చంపేట తమ్ముడు ఉష్ణోగ్రత ముల్లు పైకి పోగానే బండి ఆపాడు కాబట్టి ఇంజిన్ దక్కింది. రేడియేటర్ కడిగించి, కొత్త కూలెంట్ పోయించి, థర్మోస్టాట్ మార్పిస్తే సరిపోయింది. మొదటిసారి వరుసలన్నీ రాయడానికే ఒక సాయంత్రం పడుతుంది. తర్వాత జీతం పడ్డరోజు మీటరు చూసి, చివరి గడులన్నిటిలో ఏది దగ్గరికొచ్చిందో చూసుకుంటే చాలు, పది నిమిషాల పని.