ఒకే తోడు ఎన్నిసార్లు వేయొచ్చు? నీరసించిన పెరుగును మళ్లీ నిలబెట్టడం ఎలా?

ఈ ప్రశ్న అడిగే వాళ్లందరికీ ఒక అంకె కావాలి. కొన్న డబ్బా పెరుగుతో మొదలుపెట్టిన వాళ్లకైతే అంకె చెప్పొచ్చు. అందులో ఏరి వేసిన కొద్ది రకాల బ్యాక్టీరియానే ఉంటుంది కాబట్టి ఐదారుసార్లకు, మహా అయితే పదిసార్లకు బలం తగ్గుతుంది. రోజూ పాలు తోడేసే ఇంటి పెరుగులో ఎన్నో రకాలు కలిసి బతుకుతుంటాయి, అది ఏళ్ల తరబడి నడుస్తుంది. తోడు పాడయ్యేది ఎక్కువసార్లు వేసినందుకు కాదు, పులిసినదాన్ని వేసినందుకు.

పాలు పొంగాక సన్నమంట మీద ఐదు నిమిషాలు మరగనిచ్చి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చండి. లీటరుకు ఒక చెంచా తోడు, ఎండాకాలం అర చెంచా. కలిపి, మూతపెట్టి, కదపకుండా ఉంచండి. గేదె పాలైనా, ఆవు పాలైనా సరే. ఇంతవరకు అందరికీ వచ్చిందే.

అందరూ చెడగొట్టేది తోడు తీసిపెట్టే దగ్గర. అన్నాలు తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పెరుగును రేపటి తోడుకు ఉంచుతారు. అది అప్పటికి పొద్దంతా బయట ఉండి పులిసిపోయి ఉంటుంది, నాలుగు గంటెలు దాంట్లో మునిగి ఉంటాయి. తోడు తీయాల్సింది పెరుగు గడ్డకట్టగానే, ఇంకా ఎవరూ దాన్ని ముట్టకముందే. మీగడ పక్కకు జరిపి, మధ్యలోంచి రెండు చెంచాలు తీయండి. పైభాగానికి గాలి తగులుతుంది కాబట్టి ఈస్టు, బూజు ముందు చేరేది అక్కడే. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన చిన్న స్టీలు గిన్నెలో వేసి, మూతపెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో వాడేయాలి. పెరుగు గురిగిలో పేరబెట్టుకుంటే మంచిదే, కానీ తోడు మాత్రం గురిగిలో దాచొద్దు. మట్టి రంధ్రాల్లో పాత పులుపు ఎంత కడిగినా పోదు.

పులుపుకు ఇంత భయమెందుకంటే, పెరుగును రెండు గుంపులు కలిసి చేస్తాయి. గుండ్రటి బ్యాక్టీరియా ముందు పని మొదలుపెడుతుంది, కడ్డీల్లా ఉండేది తర్వాత పులుపు పెంచుతుంది. వేడిలో ఎక్కువసేపు వదిలేస్తే కడ్డీలది పైచేయి అవుతుంది, ఆ పులుపుకు గుండ్రటివి దెబ్బతింటాయి. మరుసటి రోజు పాలు తోడుకోవడం ఆలస్యమవుతుంది, ఆ సందులో వేరే క్రిములు దూరతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మే ఎండల్లో ఇంట్లోనే నలభై డిగ్రీలుంటుంది. మూడు నాలుగు గంటల్లో పేరుకున్న పెరుగును రాత్రిదాకా బయట ఉంచితే తోడు ఒక్కరోజులోనే చెడుతుంది. అందుకే ఎండాకాలం సాయంత్రం తోడేసి, పడుకునే ముందు చూసి లోపల పెట్టేయాలి.

దేవరకొండలో మా ఆడబిడ్డకు ఇదే జరిగింది. "వదినే, రెండు గంటెలు ఏసినా పెరుగు గడ్డకడ్తలేదు, మీద నీళ్లే తేల్తున్నయి" అని ఫోన్ చేసింది. ఐదు గంటల్లో అయ్యే పెరుగుకు తొమ్మిది గంటలు పడుతోంది, పైగా ఘాటైన పులుపు. తోడు నీరసించినప్పుడు కనిపించేవి ఇవే. ఇలాంటప్పుడు తోడు పెంచడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఎంత ఎక్కువ వేస్తే పాత పులుపు అంత ఎక్కువ కలుస్తుంది.

ఆమెతో పెద్ద గిన్నె ఆపించి, పావు లీటరు పాలే తోడేయించాను. పాలు గోరువెచ్చ కంటే ఒక్క పిసరు వేడిగా, తోడు చిన్న చెంచా నిండా. గంటగంటకూ గిన్నెను కొద్దిగా వంచి చూడమన్నాను. అంచు విడిచి ఒకే ముద్దలా కదిలితే అయినట్టే, అప్పుడే ఫ్రిజ్‌లోకి. మొదటిసారి ఏడు గంటలు పట్టింది. దాని మధ్యలోంచి తీసి మర్నాడు మళ్లీ పావు లీటరుకు వేస్తే ఆరు, మూడోసారి ఐదు లోపే. నాలుగో రోజు లీటరు పాలకు వెళ్లింది. మూడుసార్లు చేసినా సమయం తగ్గకపోతే ఆ తోడును వదిలేయండి.

పెరుగు తీగలా సాగుతున్నా, బుడగలొచ్చి కల్లు వాసన కొడుతున్నా నేనైతే ఈ పని మొదలే పెట్టను. గులాబీ, నారింజ మచ్చలుంటే గిన్నెతో సహా పారబోసి, ఆ గిన్నెను నీళ్లలో మరిగించాలి. కొత్త తోడు కోసం రోజూ పాలు తోడేసే ఇంటికి వెళ్లి తాజా పెరుగు అడిగి తెచ్చుకోండి. పచ్చిమిర్చి తొడిమలతో కూడా పాలు తోడుకుంటాయి, కానీ వాటి మీద ఏ క్రిములున్నాయో తెలియదు. ఆ మొదటి పెరుగు తినడానికి పనికిరాదు, దాంతో మళ్లీ రెండుసార్లు తోడేశాకే రుచి కుదురుతుంది. పక్కింట్లో మంచి పెరుగు ఉండగా ఆ తిప్పలు అనవసరం.