చీర రంగు ఫొటోలో మారకుండా తీసి, ఆన్‌లైన్‌లో అమ్మడం ఎలా?

మంగళగిరి నుంచి చీరలు తెచ్చి విజయవాడలో ఇంట్లోనే పెట్టుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. వెనక్కి వచ్చే చీరల్లో ఎక్కువ వాటికి ఒకటే కారణం చెబుతారు: "ఫొటోలో రంగు వేరు, వచ్చిన రంగు వేరు." నేత బాగుంటుంది, అంచు బాగుంటుంది, రంగు దగ్గరే బేరం చెడుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువగా రంగు గురించే చెబుతాను.

కావలసినవి

ఫోను, ఒక తెల్ల పంచె, రెండు థర్మోకోల్ షీట్లు, ఒక తెల్ల కాగితం, టేపు, ఇస్త్రీ పెట్టె. కెమెరా కొనక్కర్లేదు. రింగ్ లైటు మాత్రం అసలు వద్దు. అది ముఖానికి పనికొస్తుంది, చీరకు కాదు. ఎదురుగా పడిన వెలుగుకి జరీ అంతా ఒకటే తెల్లటి మరకలా మెరిసి, అంచులో నేత కనబడకుండా పోతుంది. ఫ్లాష్ కూడా అంతే.

పంచెకి నీలం మందు పెట్టకూడదు. మన కంటికి అది తెల్లగానే ఉంటుంది గాని కెమెరా ఆ నీలాన్ని పట్టుకుంటుంది.

చోటు, సమయం

ఉత్తరం వైపు కిటికీ గాని వరండా గాని చూసుకోండి. నేరుగా ఎండ పడని చోటు కావాలి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపు పని ముగించండి. గదిలో ట్యూబులైటు, బల్బు తప్పనిసరిగా ఆపేయండి. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబులైటు వెలుగు ఇంకో రంగు. రెండూ కలిస్తే చీర సగం ఒకలా, సగం ఇంకోలా వస్తుంది. దాన్ని తర్వాత ఏ యాప్‌లోనూ సరిచేయలేం.

గోడ రంగు కూడా చూసుకోండి. మా ముందు గదికి లేత పచ్చ సున్నం ఉండేది. అక్కడ తీసిన గంధం రంగు చీరలన్నీ కాస్త పాచి పట్టినట్టు వచ్చేవి. గోడ మీద పడిన వెలుగు తిరిగి చీర మీద పడుతుందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అలాంటి గది తప్ప వేరే లేకపోతే గోడకీ చీరకీ మధ్య థర్మోకోల్ షీట్లు నిలబెట్టండి. నీడ పడిన వైపుకి తెల్లటి వెలుగు కూడా వస్తుంది.

చీరను బాగా ఇస్త్రీ చేయండి. మడత గీతలు కనబడితే పాత చీర అనుకుంటారు.

రంగు పట్టుకోవడం

ఈ ఒక్క పనికి తొందరపడకండి.

ఫోను తెర నిండా ఒకే రంగు చీర ఉంటే, ఆ రంగు చీరదో గదిలోని వెలుగుదో ఫోనుకి తెలియదు. వెలుగే ఆ రంగులో ఉందనుకుని దాన్ని తగ్గించేస్తుంది. వంకాయ రంగు నీలం అయిపోయేది, మామిడి పండు రంగు వెలిసిపోయినట్టు కనబడేది ఇందుకే. కాబట్టి చీర పక్కనే, తెరలో ఒక మూలకి, తెల్ల కాగితం పెట్టండి. కెమెరాలో Pro మోడ్ ఉంటే WB అనే చోట అంకె మారుస్తూ, కాగితం పసుపు గాని నీలం గాని లేకుండా తెల్లగా కనబడే దగ్గర ఆపేయండి. ఆ రోజు ఆ చోట తీసే ఫొటోలన్నింటికీ ఆ అంకే ఉంచండి. Pro మోడ్ లేకపోతే కాగితంతో ఒక ఫొటో తీసి, Edit లో Warmth జరిపి కాగితాన్ని తెల్లగా చేయండి. ఎంత జరిపారో రాసిపెట్టుకుని మిగతా ఫొటోలకీ అంతే జరపండి. మబ్బు పట్టినా, గంట గడిచినా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

తర్వాత వెలుతురు. చీర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. వేలు కిందకి జరిపి కొంచెం చీకటి చేయండి. రాణి రంగు, ఎరుపు చీరలకి ఇది తప్పనిసరి. వెలుతురు ఎక్కువైతే ఆ రంగులు ఒక ముద్దలా అయిపోయి నూలు పోగులు మాయమవుతాయి.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది డబుల్ షేడ్. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన చీర చూసే వైపును బట్టి మారుతుంది. నా దగ్గర ఒక చీర ఉండేది. పడుగు ముదురు నీలం, పేక రాణి రంగు, రెండూ కలిసి వంకాయ రంగు. పక్క నుంచి ఒకే ఒక్క ఫొటో తీసి పెట్టాను. అందులో అది పూర్తిగా నీలంగా పడింది. హైదరాబాద్ నుంచి తీసుకున్నావిడ, "నేను నీలం చీర అడిగానండీ, మీరు వంకాయ రంగు పంపారు" అన్నారు. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. రానూపోనూ కొరియర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఆ చీరనే మళ్లీ మూడు రకాలుగా తీశాను. పంచె మీద పరిచి సరిగ్గా పైనుంచి ఒకటి. ఇందులో అసలు రంగు వస్తుంది కాబట్టి ఇదే మొదటి ఫొటో. కుచ్చిళ్లు పెట్టినట్టు మడతలు వేసి పక్క నుంచి రెండోది. ఇందులో రెండు రంగులూ కనబడతాయి. అంచుని దగ్గర నుంచి, జరీ పోగులు తెలిసేలా మూడోది. కొంగు, జాకెట్ ముక్క చెరొకటి. మొత్తం అయిదు, అంతకంటే అక్కర్లేదు.

తీశాక ఫోనుని చీర పక్కనే, కిటికీ వెలుగులోనే పెట్టి పోల్చండి. అంతకుముందు తెర పసుపుగా మార్చే రాత్రి సెట్టింగు, రంగులు పెంచే సెట్టింగు ఆపేయండి. ఇంకో ఫోనులో కూడా చూడండి. రెండిటిలోనూ చీరకి దగ్గరగా ఉంటే చాలు. అచ్చంగా అదే రంగు ఎప్పటికీ రాదు. ఆ మిగిలిన తేడాని మాటలతో పూడ్చాలి.

రాయడం

"సూపర్ క్వాలిటీ, అందమైన కాటన్ చీర" అని రాస్తే కొనేవాళ్లకి ఏమీ తెలియదు. పేరులో రకం, రంగు, అంచు రావాలి: "మంగళగిరి కాటన్ చీర, వంకాయ రంగు, నిజాం అంచు, జాకెట్ ముక్కతో." రంగు పేరు మన ఇళ్లల్లో వాడేదే రాయండి. పింక్ అంటే నలుగురికి నాలుగు రకాలు తోస్తాయి, ఉల్లిపొట్టు రంగు అంటే అందరికీ ఒకటే తోస్తుంది.

ఆ చీర కింద నేను రాసింది ఇది:

"పడుగు ముదురు నీలం, పేక రాణి రంగు. ఎదురుగా వంకాయ రంగులో, మడతల్లో నీలంగా కనబడుతుంది. నీలం చీర కావాలనుకునేవారు ఇది తీసుకోవద్దు. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్ ముక్క 80 సెంటీమీటర్లు. అంచు రెండు అంగుళాలు, రెండు వైపులా. మొదటి రెండు ఉతుకులు విడిగా, చల్లనీళ్లలో."

కొలతలు నేత గుడ్డ మీద టేపు పెట్టి కొలిచి రాయండి, అమ్మినవాళ్లు చెప్పింది కాదు. నేతలో ఎక్కడైనా ముడి పడి ఉంటే దాన్ని దగ్గర నుంచి ఫొటో తీసి పెట్టండి. మరమగ్గం చీరని చేనేత అని రాయకండి. గుంటమగ్గం మీద కూర్చుని నేసిన మనిషి కూలి అందులో పోతుంది.

ధర దాచి "మెసేజ్ చేయండి" అని రాసే పద్ధతి మానేయండి. కొరియర్‌తో కలిపి ఎంతో అక్కడే ఉండాలి. "నీలం కావాలనుకునేవారు వద్దు" అని రాయడానికి మా వదిన ఒప్పుకోలేదు, ఉన్న బేరం పోతుందంది. గుంటూరు నుంచి ఒకావిడ ఆ వాక్యం చదివే ఫోన్ చేశారు. "వంకాయ రంగే కదండీ, మడతల్లో నీలం ఎంత కనబడుతుంది?" అని అడిగి, రెండో ఫొటో మళ్లీ పంపించుకుని చీర తీసుకున్నారు.