కీ రిజల్ట్‌లో "రోజూ" అని రాయకండి

కొత్త ఏడాదికి ఓకేఆర్, అంటే చేరాలనుకునే లక్ష్యంగా ఒక ఆబ్జెక్టివ్, దాన్ని ఎంతవరకు చేరామో కొలిచే కీ రిజల్ట్స్, రాసుకునేవాళ్లలో చాలామంది "స్పానిష్ నేర్చుకోవాలి" అని ఆబ్జెక్టివ్ పెట్టి, దాని కింద "రోజూ అరగంట యాప్‌లో ప్రాక్టీస్" అని కీ రిజల్ట్ రాసేస్తారు. అది చేసే పని, ఫలితం కాదు. అరగంట చొప్పున ఏడాదంతా గడిచినా నోరు పెగలకపోవచ్చు, కానీ కాగితం మీద మాత్రం నూటికి నూరు వచ్చినట్టే కనిపిస్తుంది.

ఆబ్జెక్టివ్ ఏడాదికి ఒక్కటే ఉంచి, కీ రిజల్ట్స్ మూడు నెలలకోసారి మార్చుకోండి, ఎందుకంటే డిసెంబరులో మీ స్థాయి ఏంటో జనవరిలో ఎవరికీ తెలియదు. ముందు ఇప్పుడెక్కడున్నారో కొలవండి. ఉదాహరణకి టీచర్‌తో ఇంగ్లిష్‌లోకి జారకుండా 3 నిమిషాలు మాట్లాడగలుగుతున్నారు, మార్చి చివరికి 15 కావాలి అనుకుందాం. చివరికి 9 దగ్గర ఆగితే, పెరగాల్సిన 12 నిమిషాల్లో 6 పెరిగాయి కాబట్టి స్కోరు 0.5. (9ని 15తో భాగిస్తే 0.6 వస్తుంది, అది మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.) కాస్త అందనంత ఎత్తులో పెట్టుకున్న లక్ష్యానికి 0.7 వస్తే బాగా చేసినట్టే లెక్క, ప్రతిసారీ 1 వస్తోందంటే లక్ష్యం మరీ తేలికగా పెట్టారన్నమాట.

అరగంట ప్రాక్టీస్ మానక్కర్లేదు, దాన్ని వారం ప్లాన్‌లో వేసుకోండి. నెల తిరిగినా ఆ 3 నిమిషాలు కదలకపోతే మార్చాల్సింది ప్రాక్టీస్ పద్ధతిని, టార్గెట్‌ని కాదు.