సేల్‌లో గేమ్ కొనే ముందు: ఆ మార్కులు ఎవరు వేశారు, ఏ మెషీన్‌ మీద ఆడి వేశారు?

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో డిసెంబర్‌లో వింటర్ సేల్ మొదలైందంటే చేతులు ఆగవు. సగానికి సగం తగ్గిన ధర, కింద సేల్ ముగిసే తేదీ, పక్కనే ఎవరో వేసిన 86 మార్కులు కనిపిస్తాయి. ఆ మార్కులు మీరు ఆడబోయే మెషీన్‌కి వేసినవో కాదో ఎక్కువమంది చూడరు. డబ్బు పోయేది చాలాసార్లు అక్కడే.

సైబర్‌పంక్ 2077 సంగతే తీసుకోండి. 2020 డిసెంబర్ 10న విడుదలైంది. మూడు రోజుల ముందే, 7న, పత్రికల రివ్యూలు వచ్చేశాయి. పత్రికల రివ్యూ మార్కుల సగటు కట్టే మెటాక్రిటిక్ సైట్‌లో స్కోరు 90 చుట్టూ మొదలై చివరికి పీసీ వెర్షన్‌కి 86 దగ్గర నిలిచింది. రివ్యూ రాసినవాళ్లు అబద్ధమేమీ రాయలేదు. కానీ విడుదలకు ముందు వాళ్లకి ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే. పైగా వీడియో రివ్యూల్లో తాము ఆడిన దృశ్యాలు చూపించకూడదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలి అని షరతు పెట్టారు. సోనీ ప్లేస్టేషన్ 4, అంటే పీఎస్4లో ఆట ఎలా నడుస్తుందో ఆ రోజు ఎవరూ చూడలేదు. విడుదలయ్యాక చూస్తే పీఎస్4లో ఆట నత్తనడక, మధ్యమధ్యలో క్రాష్‌లు, మొహాల మీద మసక. ఆ వెర్షన్‌కి క్రిటిక్ స్కోరు 57. ఎనిమిది రోజులకే, డిసెంబర్ 18న, సోనీ తన డిజిటల్ స్టోర్ నుంచి ఆటను తీసేసి డబ్బు వాపసు ఇస్తామంది. మళ్లీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లో.

ఒకే ఆట, ఒకే పేరు, ఒకచోట 86, ఇంకోచోట 57. అందుకే క్రిటిక్ స్కోరు చూసేటప్పుడు అంకె కన్నా ముందు రెండు విషయాలు వెతకండి. ఏ ప్లాట్‌ఫామ్ మీద ఆడారు? రివ్యూ ఏ తేదీన వచ్చింది? మంచి రివ్యూలో మొదటి విషయం ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. మెటాక్రిటిక్‌లో అయితే పేజీలోనే ప్లాట్‌ఫామ్ మార్చి విడివిడిగా చూడొచ్చు. మీ మెషీన్‌కి రివ్యూలు ఒకటో రెండో ఉండి, పీసీకి డెబ్బై ఉంటే, మీ విషయం ఇంకా తేలలేదని లెక్క. ప్రీ-ఆర్డర్ పెట్టకండి.

ఈ కథకి రెండో సగం కూడా ఉంది. అది ఇప్పుడు కొనేవాళ్ల కోసం. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో ఆట నిజంగానే మారిపోయింది, జనం మెచ్చుకున్నారు. కానీ ఆ అప్‌డేట్ పీసీ, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మెషీన్‌లకే వచ్చింది. పీఎస్4కి రాలేదు. కాబట్టి ఈమధ్య వచ్చిన పొగడ్తలు చదివి, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని పీఎస్4 డిస్క్ కొని, దాన్ని పీఎస్4లోనే ఆడితే, మీరు చదివిన ఆట వేరు, మీ చేతికి వచ్చిన ఆట వేరు.

ఇక యూజర్ రేటింగ్. స్టీమ్‌లో కనిపించే శాతం మార్కు కాదు. 'సిఫారసు చేస్తారా, చేయరా' అన్న ప్రశ్నకి అవును అన్నవాళ్ల శాతం అది. 95 శాతం అంటే నూటికి 95 మార్కుల ఆట అని కాదు. ట్రాక్టర్ నడిపే ఆటను ట్రాక్టర్ ఇష్టమున్నవాళ్లే కొంటారు, వాళ్లకి నచ్చుతుంది, శాతం ఆకాశానికి వెళ్తుంది. అదే అందరూ ఎగబడి కొన్న పెద్ద ఆటకి 78 రావచ్చు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

నేను ముందు చూసేది అంకె కాదు, గ్రాఫు. స్టీమ్ రివ్యూల విభాగంలో నెలలవారీగా, సిఫారసు చేసినవాళ్లకి పైకి నీలం, వద్దన్నవాళ్లకి కిందికి ఎరుపు పట్టీలు ఉంటాయి. ఒక్కచోటే ఎరుపు పట్టీ ఒక్కసారిగా పొడవుగా కిందికి దిగితే, ఆ తేదీ మీద నొక్కి ఆ రోజుల రివ్యూలు చదువుతాను. 2024 మే నెల మొదట్లో హెల్‌డైవర్స్ 2కి కొద్ది రోజుల్లోనే రెండు లక్షలకు పైగా నెగటివ్ రివ్యూలు పడ్డాయి. ఆట పాడైపోలేదు. పీసీలో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా కలపాలని సోనీ ప్రకటించింది, ఆ నెట్‌వర్క్ లేని దేశాలు చాలా ఉన్నాయి. గొడవ చూసి సోనీ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ దేశాలవాళ్ల కోపం న్యాయమైనదే. కానీ మన దేశంలో ఆ నెట్‌వర్క్ ఉంది కాబట్టి, హైదరాబాద్‌లో కూర్చుని ఆట బాగుందా లేదా అని తెలుసుకోవాలంటే ఆ వారం పక్కన పెట్టి మిగతా నెలలు చదవాలి. అదే, అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి ఎరుపు మొదలై నెలల తరబడి తగ్గకపోతే, అది ఆటలో ఉన్న జబ్బే. పైన Recent Reviews దగ్గర Mixed అని, మొత్తానికి Very Positive అని ఉంటే ఈ పని తప్పక చేయండి.

ఒక్కో రివ్యూలో ఎన్ని గంటలు ఆడారో కూడా ఉంటుంది. తక్కువ గంటలు ఆడినవాళ్ల మాట కొట్టిపారేయాలని చాలామంది అనుకుంటారు, నేను ఒప్పుకోను. 0.4 గంట ఆడి 'నా గ్రాఫిక్స్ కార్డు ఇది, మొదటి మెనూ దాటగానే ఆట మూసుకుపోతోంది' అని రాసినవాళ్లు మీకు గొప్ప మేలు చేస్తున్నారు, ముఖ్యంగా మీ దగ్గరా అదే కార్డు ఉంటే. అదే 0.4 గంటతో 'కథ బోర్' అంటే వదిలేయొచ్చు. ఫిర్యాదు దేని మీదో చూసి, దానికి ఆ గంటలు సరిపోతాయో లేదో ఆలోచించండి.

యూట్యూబర్ల మాట దగ్గర జాగ్రత్త వేరు. 2014లో షాడో ఆఫ్ మోర్డార్ అనే ఆటకి వార్నర్ బ్రదర్స్ సంస్థ పేరున్న యూట్యూబర్లకి డబ్బిచ్చి వీడియోలు చేయించింది. ఆట గురించి మంచిగా చెప్పాలి, బగ్‌లు చూపించకూడదు అన్నవి షరతులు. డబ్బు తీసుకున్న సంగతి వీడియోలో చెప్పకుండా, కింద Show more నొక్కితేనే కనిపించేచోట పెట్టించారు. ఆ వీడియోలను 55 లక్షలకు పైగా సార్లు చూశారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో ఆ సంస్థ మీద చర్య తీసుకుంది. గమనించండి, ఆ ఆటను డబ్బు తీసుకోని క్రిటిక్‌లు కూడా మెచ్చుకున్నారు. డబ్బు తీసుకున్నంత మాత్రాన ఆట చెడ్డదని కాదు, అందులోని లోపం ఆ వీడియోలో మీకు కనిపించదని.

మన దగ్గర 2021 నుంచి అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమాల ప్రకారం డబ్బుకే కాదు, ఉచితంగా అందినదానికి కూడా లేబుల్ పెట్టాలి. వీడియో మొదట్లో మూలన కొన్ని సెకన్లు Includes paid promotion అని వస్తుంది, స్కిప్ చేసేస్తే కనపడదు. ఆ లేబుల్ ఉంటే వీడియోను ఆట ఎలా ఉంటుందో కళ్లారా చూడడానికి వాడుకోండి, తీర్పు కోసం కాదు. లేబుల్ లేకపోయినా, కట్‌లు లేకుండా పది నిమిషాలు ఏకబిగిన ఆడి చూపించిన వీడియోనే నమ్మకానికి దగ్గర. మీ దగ్గరున్న కార్డు, మీ రిజల్యూషన్ పేరుతో వెతికితే వెయ్యి వ్యూస్ కూడా లేని అలాంటి వీడియోలు దొరుకుతాయి.

ఇన్ని చూసుకున్నాక కూడా పొరపాటు జరగొచ్చు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలైందంటే ఆ వెసులుబాటు సాధారణంగా పోయినట్టే, కాబట్టి ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ముందే ఆపేసుకోండి. స్టీమ్ గడియారం మీరు Play నొక్కిన దగ్గర్నుంచి నడుస్తుంది. మెనూలో ఉన్న సమయం, ఆట లోపల గ్రాఫిక్స్‌కి కావాల్సిన షేడర్లు తయారయ్యే సమయం కూడా అందులోకే వస్తాయి. పాత్ర ముక్కూ జుట్టూ దిద్దుతూ నలభై నిమిషాలు కూర్చోకండి. ఉన్న పాత్రతోనే మొదలుపెట్టి, జనం కిక్కిరిసిన చోటికి లేదా మొదటి పెద్ద పోరాటానికి వెళ్లి, ఫ్రేములు ఎక్కడ పడిపోతున్నాయో గంటన్నరలోపే చూసుకోండి.