బొమ్మకు ఒక్క వాక్యం – 4వ పాఠం: మాట్లాడేవాడికి తెలియనిది

ఈ పాఠంలో వాక్యం పొడవు గురించి చెబుతానని అన్నాను. అయితే గత పాఠం చివర ఇచ్చిన కార్టూన్ బొమ్మకు వ్యాఖ్యలుగా, అంటే బొమ్మ కింద పెట్టే మాటలుగా, మీరు రాసి పంపినవి చదివాక, దానిని వాయిదా వేయక తప్పడం లేదు.

బొమ్మను మరొకసారి చూద్దాం. సెలూన్ కుర్చీలో మెడకు తెల్లగుడ్డ కట్టించుకుని ఒక సింహం కూర్చుని ఉంది. క్షురకుడు దువ్వెన, కత్తెర పట్టుకుని దానితో ఏదో చెబుతున్నాడు. వెనుక బెంచీ మీద ఒక జింక దినపత్రికను ముఖానికి అడ్డంగా పట్టుకుని ఉంది. పత్రిక పైన కొమ్ములు, కింద దగ్గరగా ముడుచుకున్న కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. నోరు తెరిచి ఉన్నది క్షురకుడు ఒక్కడే కనుక మాట అతడిదే. దీని గురించి ఇంతకంటే చెప్పను.

"అమ్మో, సింహం జూలు కత్తిరించాలా!", "మృగరాజుకే క్షవరమా!" వంటివే ఎక్కువగా వచ్చాయి. ఇవి వ్యాఖ్యలు కావు, బొమ్మకు నకళ్లు. కుర్చీలో సింహం ఉన్న సంగతి పాఠకుడు వాక్యం దగ్గరికి రాకముందే చూసేశాడు. చూసినదానినే మళ్లీ చదివిస్తే అతని కన్ను బొమ్మ వైపు తిరిగి వెళ్లదు. పైగా సెలూన్‌లో సింహం ఉండడం చిత్రకారుడు పెట్టిన వింత. ఆ వింతను చూసి బొమ్మలోని మనిషే ఆశ్చర్యపోతే పాఠకుడికి చేయడానికి ఏమీ మిగలదు. ఆశ్చర్యార్థకాలు చూస్తేనే నాకు అనుమానం వస్తుంది. వ్యాఖ్యలో వాటిని నేను వాడను.

దీనికి ఒక పరీక్ష ఉంది. బొమ్మను చూడని మనిషికి మీ వాక్యం చదివి వినిపించండి. అతడు బొమ్మలో ఏముందో చెప్పగలిగితే మీరు వర్ణన రాశారు. "అయితే ఏమిటి?" అని మామూలుగా అడిగితే పని సగం అయినట్టే. రెండవ సగం దీనికి తలకిందులు: అదే వాక్యాన్ని వేరొక బొమ్మ కింద పెట్టి చూడండి. అక్కడా అంతే బాగా అతికితే అది ఈ బొమ్మది కాదు. ఎన్నికల మీద, ధరల మీద వచ్చిన చమత్కారాలన్నీ ఇక్కడే పోయాయి.

ఇప్పుడు వాక్యం కడదాం. అందరూ సింహాన్నే పట్టుకున్నారు. నేను జింక దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే చిత్రకారుడు దాచిపెట్టినది దానినే. జింక ముందే వచ్చి, సింహాన్ని చూసి, తన వంతు వదులుకుని ఉంటుంది. దీనిని ఉన్నదున్నట్టు రాస్తే ఇలా వస్తుంది: "జింకగారు ముందే వచ్చారు కానీ, మీరంటే భయపడి తన వంతు మీకిచ్చేశారు." ఊహ మంచిదే, వాక్యం మాత్రం చచ్చిపోయింది. జింక బొమ్మలోనే ఉంది కనుక "జింకగారు" బదులు "ఆయన" చాలు. అసలు చెడగొట్టినది "భయపడి" అన్న మాట. అది నిజమైన కారణం. దానిని పాఠకుడు పట్టుకోవాలి కానీ క్షురకుడు చెప్పకూడదు. కనుక నిజమైన కారణం తీసేసి, క్షురకుడు అమాయకంగా నమ్మిన తప్పుడు కారణం పెట్టాలి:

"ఆయనే ముందొచ్చారండీ. కానీ తొందరేం లేదన్నారు."

ఇది ఏ ఊరి సెలూన్‌లోనైనా వినిపించే మాట. బొమ్మ కింద చేరగానే పాఠకుడి చూపు సింహాన్ని వదిలి పత్రిక వెనుక ముడుచుకున్న కాళ్ల మీదికి వెళుతుంది. అక్కడున్న ప్రాణభయాన్ని క్షురకుడు మర్యాద అనుకున్నాడు. రెండు వాక్యాలను తారుమారు చేసి, "తొందరేం లేదన్నారు, ముందొచ్చింది ఆయనే అయినా" అని చదివి చూడండి. గుట్టు ముందే బయటపడి, తోక మిగులుతుంది. బొమ్మను తిప్పే మాట చివరనే ఉండాలి.

1941లో న్యూయార్కర్ పత్రికలో పీటర్ ఆర్నో వేసిన కార్టూన్‌లోనూ ఇదే కీలు ఉంది. వెనుక విమానం కూలిపోయి ఉంటుంది, మనుషులు అటు పరుగెడుతుంటారు. చంకలో చుట్టిన నక్షాతో ఒక పెద్దమనిషి మాత్రం వెనుదిరిగి నడుస్తూ, సరే, మళ్లీ మొదటినుంచి గీసుకోవాలి అన్న అర్థం వచ్చే మాట అంటాడు. అందరికీ అది ప్రమాదం, అతడికి మాత్రం రేపటి ఆఫీసు పని.

అభ్యాసం: బొమ్మ అదే. ఈసారి క్షురకుడి నోరు మూసి ఉంది, సింహం కునుకు తీస్తోంది, జింక పత్రికను కాస్త దించి క్షురకుడితో మెల్లగా మాట్లాడుతోంది. జింకకు భయం తెలుసు కనుక క్షురకుడి అమాయకత్వం ఇక్కడ పనికిరాదు. భయాన్ని దాచుకునే సాకు కావాలి. పన్నెండు వ్యాఖ్యలు రాయండి. ఏదీ ఏడు మాటలు దాటకూడదు. సింహం, జూలు, అడవి, రాజు, ఆకలి, భయం అన్న మాటలు ఎక్కడా రాకూడదు. పదింటిని కొట్టేసి, ప్రతిదాని పక్కన ఎందుకు కొట్టేశారో ఒక ముక్క రాసి, మిగిలిన రెండింటితో పాటు అవి కూడా పంపండి.