సబ్‌టైటిల్ పాఠాలు – 4: లెక్క తేడా ఎక్కడొచ్చింది?

పోయిన పాఠంలో వరసకి 42 అక్షరాలు, సెకనుకి 17 అని హద్దు పెట్టుకున్నాం. కోటిపల్లి రేవులో పడవాయన మాట్లాడిన ముక్కను అభ్యాసానికి ఇస్తే, ఒకే వాక్యానికి సగం మంది 30 అని, మిగతా సగం 52 అని లెక్క పంపారు. తప్పు నాదే. అక్షరం అంటే ఏమిటో చెప్పకుండా వదిలేశాను.

వేలు పెట్టి లెక్కపెడితే ‘స్త్రీ’ ఒక్క అక్షరం. ఫైలులో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు ముక్కలుగా ఉంటుంది. పైథాన్‌లో ఇలా అడిగితే 6 వస్తుంది:

```
print(len("స్త్రీ"))
```

‘పడవ’ అయితే ఎలా లెక్కపెట్టినా మూడే. పని ఇచ్చినవారు ఏ లెక్క అడుగుతున్నారో ముందే తెలుసుకోండి. ఈ పాఠాల్లో నేను ఫైలు లెక్కే వాడతాను, ఖాళీలు, కామాలు కూడా కలిపి.

ఇప్పుడు ఆ వాక్యం: ‘ఆయ్, మరేనండి, వరదొచ్చిందంటే పడవ రేవుకి కట్టేస్తామండి’. ఆయన 2.6 సెకన్లలో అనేశాడు. 52ని 2.6తో భాగిస్తే సెకనుకి 20, హద్దు దాటింది. ఒక వరసలో పట్టదు కూడా. వేలి లెక్కలో సెకనుకి పదకొండున్నరే కాబట్టి సగం మందికి ఇబ్బంది కనిపించలేదు.

‘ఆయ్, మరేనండి’ తీసేస్తే 38 మిగులుతాయి. ఒక వరసలో సరిపోతుంది, సెకనుకి 15 లోపే. చివరి ‘అండి’ని మాత్రం నేను తియ్యను. మన వైపు మాటలో మర్యాద అక్కడే ఉంటుంది, అది పోతే పడవాయన కసురుకున్నట్టు కనిపిస్తుంది.

ఇంతవరకూ చాలామంది సరిగ్గానే చేశారు. నాకు కోపం తెప్పించింది ఆ తర్వాతి పని. మాట తీసేశాం కదా అని సబ్‌టైటిల్‌ను కూడా ‘వరద’ దగ్గర మొదలుపెట్టారు. ‘ఆయ్, మరేనండి’కి 0.7 సెకను పట్టింది. అది పోతే మిగిలేది 1.9 సెకన్లే. 38ని 1.9తో భాగించండి, మళ్లీ 20! కుదించి సంపాదించిన టైమంతా చేజేతులా పోయింది. పైగా ఆయన నోరు కదులుతున్నా కింద ఏమీ ఉండదు, చూసేవాళ్లు ఏదో తప్పిపోయిందనుకుంటారు. మొదటి మాట రాయకపోయినా, నోరు తెరిచినప్పుడే సబ్‌టైటిల్ రావాలి:

```
00:04:10,000 --> 00:04:12,600
వరదొచ్చిందంటే పడవ రేవుకి కట్టేస్తామండి
```

వాక్యం చివర మాటలు తీసేసినా ఇంతే, ఆయన ఆపేదాకా ఉంచండి. ఒక్క మినహాయింపు: తీసేసిన మాటకీ అసలు మాటకీ మధ్య ఆయన సెకనుకి పైగా ఆగితే, అసలు మాట దగ్గరే మొదలుపెట్టండి. లేకపోతే జవాబు ముందే బయటపడిపోతుంది.

వచ్చేసారికి కొబ్బరి వలిచే చోట ఇద్దరు ఒకరి మాటకొకరు అడ్డొస్తూ మాట్లాడుకునేది ఒక నిమిషం రికార్డు చేసి, మొత్తం సబ్‌టైటిల్ వెయ్యండి. ప్రతి దాని పక్కన రెండు లెక్కలూ, మీరు తీసేసిన మాటలూ రాసి పంపండి.